పాత కరౌసెల్‌ను సరిచేయాలా, ట్రెండ్ వెంట వెళ్లాలా? కష్టం దేనిమీద పెట్టాలో తేల్చుకోవడం ఎలా

మీరు కర్నూలులో ఉండి చుట్టుపక్కల చూడదగ్గ చోట్ల గురించి ఒక ఇన్‌స్టాగ్రామ్ పేజీ నడుపుతున్నారనుకుందాం. 2021లో "కర్నూలు నుంచి ఒక్క రోజులో యాగంటి, బెలుం గుహలు" అని పది స్లైడ్ల కరౌసెల్ ఒకటి పెట్టారు. ఇప్పుడు మే నెలాఖరు, రెండు వానలు పడ్డాయి. తుగ్గలి, జొన్నగిరి వైపు చేలల్లో వజ్రాల కోసం జనం దిగారు, ఫోన్ తెరిస్తే అవే రీల్స్. మీకు ఖాళీ ఉన్నది ఒక్క ఆదివారం. ఆ ఆదివారం పాత కరౌసెల్‌కు ఇవ్వాలా, వజ్రాలకు ఇవ్వాలా?

మనసు వజ్రాల వైపే లాగుతుంది. అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు కాబట్టి మనమూ మాట్లాడకపోతే వెనకబడ్డట్టు అనిపిస్తుంది. పాత పోస్ట్‌ను ఇప్పుడు ఎవరు చూస్తున్నారో మనకు కనపడదు కాబట్టి అది అయిపోయిందనుకుంటాం. నిజంగా అయిపోయిందా లేదా అన్నది మీ ఫోన్‌లోనే తెలుస్తుంది. కాబట్టి ముందు అక్కడ మొదలుపెడదాం.

ముందు: పాతది ఇంకా నడుస్తోందా చూడండి

మీది ప్రొఫెషనల్ అకౌంట్ అయితే ఆ పాత పోస్ట్ తెరిచి ఇన్‌సైట్స్‌లోకి వెళ్లండి. లైకులు వదిలేయండి. మూడే అంకెలు రాసుకోండి: ఎన్ని అకౌంట్లకు చేరింది, ఎంతమంది సేవ్ చేశారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు. పైన పెద్దగా కనపడేది వ్యూస్ అంకె. ఒకే మనిషి మూడుసార్లు చూస్తే అందులో మూడుగా పడుతుంది. మన లెక్కకు రీచ్ కావాలి, అంటే ఎన్ని అకౌంట్లకు చేరిందన్నది.

పక్కన తేదీ వేసి పుస్తకంలో రాసుకోండి. సరిగ్గా రెండు వారాల తర్వాత అదే పోస్ట్ తెరిచి అవే మూడు అంకెలు మళ్లీ రాయండి. చాలామంది చేయనిది ఈ రెండోసారి చూడటమే. ఇన్‌సైట్స్‌లో కనపడే సేవ్స్ ఆ పోస్ట్ పుట్టినప్పటి నుంచి వచ్చిన మొత్తం. అందులో మూడు వందల సేవ్స్ ఉన్నా, అన్నీ 2021 మొదటి వారంలోనే వచ్చి ఉండొచ్చు. రెండు తేదీల మధ్య తేడా ఒక్కటే ఇవాళ్టి సంగతి చెబుతుంది. మీరు దాన్ని ముట్టుకోకుండానే ఈ రెండు వారాల్లో ఐదారుగురు సేవ్ చేశారంటే, ఎవరో వెతుక్కుంటూ వచ్చారు, లేదా ఎవరో వాళ్లకు పంపారు. ఆ పోస్ట్ ఇంకా పని చేస్తోంది.

తేడా సున్నా వస్తే వెంటనే పక్కన పెట్టేయకండి. మే ఎండల్లో యాగంటి వెళ్లాలని ఎవరూ ప్లాన్ వేసుకోరు. కార్తీక మాసానికి మూడు వారాల ముందు ఇదే పని ఇంకోసారి చేయండి. అప్పుడు కూడా సున్నానే అయితే దాన్ని వదిలేయొచ్చు.

తర్వాత ఒక చిన్న భాగహారం. రీచ్‌లో ప్రతి వందమందికి ఎంతమంది సేవ్ చేశారో చూడండి. ఉదాహరణకు మీ పాత కరౌసెల్ 4,200 అకౌంట్లకు చేరింది, 310 మంది సేవ్ చేశారు అనుకుందాం. అంటే వందకు ఏడు పైచిలుకు. పోయిన ఏడాది మీరు ఏదో ట్రెండ్ మీద చేసిన పోస్ట్ 38,000 అకౌంట్లకు చేరి 40 సేవ్స్ తెచ్చింది అనుకుందాం. వెయ్యికి ఒకరు. రెండో దాని రీచ్ చూస్తే సంతోషంగానే ఉంటుంది. కానీ 38,000 మందిలో దాదాపు అందరూ చూసి వేలు పైకి జరిపేశారు. మొదటిది చేరింది తక్కువమందికే, చేరినవాళ్లకు మాత్రం పనికొచ్చింది.

ఈ రెండు అంకెల్ని కలిపి చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. రీచ్ తక్కువగా ఉండి సేవ్స్ శాతం బాగుంటే లోపలి సరుకు మంచిదే, మొదటి స్లైడ్ జనాన్ని ఆపలేకపోయింది. మీ కష్టానికి ఎక్కువ ఫలం వచ్చేది ఇలాంటి పోస్ట్‌తోనే. రీచ్ బాగా ఉండి సేవ్స్ లేకపోతే బొమ్మలు బాగున్నాయి, విషయం లేదు. దాని కవర్ మార్చినా ఒరిగేదేమీ ఉండదు. రెండూ బాగుండి ఈ మధ్యే తగ్గుతుంటే లోపల ఏదో పాతబడింది. అదేమిటో తెలియాలంటే కామెంట్లు, మెసేజ్‌లు తిరగేయండి. "అన్నా, ఈ టైమింగ్స్ ఇప్పటికీ ఇవేనా?", "బనగానపల్లె నుంచి ఆటో దొరుకుతుందా?" లాంటి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ కనపడుతుంటే, ఎక్కడ సరిచేయాలో చదివేవాళ్లే చెప్పేస్తున్నట్టు.

తర్వాత: ట్రెండ్‌ను మూడు ప్రశ్నలు అడగండి

మొదటి ప్రశ్న: నేను పోస్ట్ చేసేసరికి ఇది ఇంకా ఎన్నాళ్లు ఉంటుంది? వజ్రాల వేట వాన పడ్డప్పుడల్లా మళ్లీ మొదలవుతుంది, వారాలు సాగుతుంది. కానీ రీల్స్ హడావుడి అంతకాలం ఉండదు. టీవీ వాళ్లు, యూట్యూబ్ వాళ్లు తెల్లవారకముందే చేలల్లో ఉంటారు. మీరు ఆదివారం వెళ్లి, సోమవారం ఎడిట్ చేసి, మంగళవారం పెడితే అప్పటికే చూసేవాళ్లకు విసుగు వచ్చి ఉంటుంది.

రెండో ప్రశ్న: వాళ్లందరి దగ్గర లేనిది నా దగ్గర ఏముంది? చేలో వంగి వెతుకుతున్న మనుషుల్ని అందరూ చూపిస్తున్నారు. ఫలానావాళ్లకు వజ్రం దొరికింది, ఇన్ని లక్షలకు అమ్మారు అనే మాటలు నోటా నోటా తిరుగుతుంటాయి. అమ్మకం గుట్టుగా జరుగుతుంది కాబట్టి అది నిజమో కాదో తేల్చుకునే దారి మీకు లేదు. తేల్చుకోలేని మాటను పేజీలో పెడితే, రేపు మీ బస్సు వివరాలను కూడా జనం అదే కంటితో చూస్తారు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ చేలు ఎవరో రైతువి, విత్తనానికి సిద్ధం చేసుకున్న నేల. టూరిజం పేజీలో "ఇలా వెళ్లండి" అని దారి చెబితే ఆదివారం కార్లు నేరుగా దుక్కిలోకి దిగుతాయి. నేనైతే ఈ ఒక్క కారణం మీదే ఆ పోస్ట్ మానుకోమంటాను.

మూడో ప్రశ్న: నెల తర్వాత ఎవరైనా ఈ పోస్ట్ దగ్గరికి వస్తే వాళ్లకు ఇందులో ఏముంటుంది? "ఏమీ లేదు" అని జవాబు వస్తే, అది ఒక్క పూట పోస్ట్. దానికి ఒక స్టోరీ చాలు, ఆదివారం మొత్తం పెట్టొద్దు.

అయితే వజ్రాల సంగతిలో ఒక తేడా ఉంది. ఈ ట్రెండ్ ఏటా వస్తుంది. తొలకరి వానతో పాటే వస్తుందని మనకు ముందే తెలుసు. ఏటా వచ్చే ట్రెండ్‌ను వెంటపడి పట్టుకోవాల్సిన పని లేదు, ముందే తయారై కూర్చోవచ్చు. "ఈ నేలలోనే వజ్రాలు ఎందుకు దొరుకుతాయి?" అని ఒక కరౌసెల్ ఏప్రిల్‌లో తీరిగ్గా చేసిపెట్టుకోండి. అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కల కింబర్లైట్ ఉంది. భూమి లోతుల్లోంచి వజ్రాల్ని పైకి మోసుకొచ్చిన అగ్నిశిల అది. బనగానపల్లె వైపు గులకరాళ్లు అతుక్కుని గట్టిపడిన ఒక రాతి పొరలో పూర్వం వజ్రాల గనులు ఉండేవి. వాన పై మట్టిని కడిగేస్తే కింద ఉన్న రాళ్లు బయటపడి మెరుస్తాయి, వానాకాలంలోనే వెతకడానికి కారణం అదే. ఈ సంగతులు వచ్చే ఏడాదికి మారవు. తొలి వాన పడ్డ సాయంత్రం మీరు పెట్టేయొచ్చు, పై ఏడు కవర్ ఒక్కటి మార్చి మళ్లీ పెట్టొచ్చు. పైగా బనగానపల్లె మీ యాగంటి, బెలుం దారిలోనే ఉంది, చివరి స్లైడ్‌లో ఆ పాత కరౌసెల్ మాట ఎత్తొచ్చు. అప్పుడు ట్రెండ్ మీద వచ్చినవాళ్లలో కొందరైనా మీ అసలు సరుకు దగ్గరికి వెళ్తారు.

ఒక్క రకం వార్తకు మాత్రం ఈ మూడు ప్రశ్నలూ వద్దు. వాగు పొంగి దారి మూసేశారు, గుహల్లోకి ఎవరినీ వదలడం లేదు లాంటివి తెలిస్తే అది ట్రెండ్ కాదు, మీ పేజీ చేయాల్సిన పనే. వెంటనే స్టోరీ పెట్టి, పాత పోస్ట్ క్యాప్షన్‌లో పైన ఒక లైను చేర్చండి.

గంటల లెక్క

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. పాతదాన్ని సరిచేయడానికి ఫోన్లు చేసి వివరాలు కనుక్కోవడంతో సహా నాలుగు గంటలు పడుతుందనుకోండి. తుగ్గలి పోయి రావడం, షూట్, ఎడిట్ కలిపి తొమ్మిది గంటలు. మీ పాత అనుభవం ప్రకారం ఒక్కోటి మూడు నెలల్లో ఎన్ని సేవ్స్, షేర్లు తేగలదో అంచనా వేసి గంటలతో భాగించండి. మూడు రోజుల లెక్క తీస్తే ఎప్పుడూ ట్రెండే గెలుస్తుంది, అందుకే మూడు నెలల లెక్క తీయమంటున్నాను. మీరు ట్రావెల్స్ నడుపుతూ బండ్లు బుక్ కావాలని పేజీ పెట్టుకుంటే సేవ్స్ బదులు వచ్చిన ఫోన్లు లెక్కేయండి. కార్తీకానికి బండి కావాలనుకునే మనిషి సేవ్ చేసేది యాగంటి దారినే.

లెక్క ట్రెండ్ వైపు మొగ్గే సందర్భాలూ ఉంటాయి. పేజీ మరీ కొత్తదై మీ దగ్గర సేవ్ అయిన పాత పోస్ట్ ఒక్కటీ లేకపోతే సరిచేయడానికి అసలు ఏమీ ఉండదు. లేదా ట్రెండ్ మీ ఊళ్లోనే, మీ వీధిలోనే పుడితే వేరే ఎవరూ చెప్పలేనిది మీరు చెప్పగలరు. అప్పుడు వెళ్లండి.

పాతదాన్ని సరిచేయడం

పది స్లైడ్లనూ ఒక్కొక్కటిగా చూస్తూ ఏది మారింది, ఏది మారదు అని రాసుకోండి. మన ఉదాహరణలో మొదట దొరికే తప్పు జిల్లా పేరు. 2021లో బెలుం, యాగంటి రెండూ కర్నూలు జిల్లావే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక రెండూ నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. అనంతపురం పేజీల వాళ్లు లేపాక్షిని ఇంకా అనంతపురం జిల్లా అనే రాస్తుంటారు, అది శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్లింది. స్లైడ్‌లో పాత జిల్లా కనపడగానే చదివేవాళ్లు "ఇది పాత పోస్ట్" అనుకుంటారు, మిగతా తొమ్మిది స్లైడ్లలో ఉన్న నిజాన్ని కూడా నమ్మరు.

మారనివి కూడా చాలానే ఉన్నాయి. బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు, అందులో సుమారు కిలోమీటరున్నర మేర సందర్శకులు తిరగొచ్చు. నల్ల సున్నపురాయిలో నీళ్లు తొలిచిన సొరంగాలు అవి. లోపల ఉక్క, చెమటలు కారతాయి, నీళ్ల బాటిల్ ఉండాల్సిందే. ఇవి పదేళ్ల తర్వాత కూడా ఇలాగే ఉంటాయి.

మధ్యలో ఉన్నవే చిక్కు: టికెట్ రేటు, మూసే టైమ్, బస్సు వేళలు, ఫోన్ నంబర్లు. వీటిని ఎప్పుడూ బొమ్మ మీద రాయకండి. ఒకసారి పోస్ట్ చేశాక ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, స్లైడ్‌లోని బొమ్మను మాత్రం మార్చలేరు. కాబట్టి మారేవి క్యాప్షన్‌లో, మారనివి బొమ్మల్లో. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే వచ్చే ఏడాది ఇదే పోస్ట్‌ను సరిచేయడం పది నిమిషాల పని అవుతుంది. రేటు రాసేటప్పుడు పక్కనే "ఫలానా నెలలో కనుక్కున్నది" అని కూడా రాయండి.

తర్వాత తేల్చుకోవాల్సింది, పాత పోస్ట్‌నే దిద్దాలా, కొత్తగా పెట్టాలా అని. ఒక స్లైడ్ మాత్రమే తప్పయి, అది లేకపోయినా కథ నడుస్తుందంటే ఎడిట్‌లోకి వెళ్లి ఆ ఒక్క స్లైడ్‌ను తీసేయొచ్చు. క్యాప్షన్ సరిచేసి, సరైన వివరం కామెంట్‌గా రాసి పిన్ చేయండి. అంతకు మించి మారితే, లేదా మొదటి స్లైడే బలహీనంగా ఉంటే, కొత్త పోస్ట్ చేయాల్సిందే. కానీ పాతదాన్ని డిలీట్ చేయకండి, ఆర్కైవ్ కూడా చేయకండి. ఏది చేసినా దాన్ని సేవ్ చేసుకున్న 310 మంది దగ్గర అది కనపడకుండా పోతుంది. వాళ్లలో ఎవరో రేపు పొద్దున బస్సెక్కేముందు దాన్ని తెరవొచ్చు. పాతదాని క్యాప్షన్ మొదటి లైనులోనే "కొత్త వివరాలతో మళ్లీ పెట్టాం, ప్రొఫైల్‌లో పైన పిన్ చేసి ఉంది" అని రాయండి. ప్రొఫైల్‌లో మూడు పోస్టులు పిన్ చేసుకోవచ్చు, అందులో ఒకటి దీనికి ఇవ్వండి.

కొత్తదానిలో ఎక్కువ సమయం మొదటి రెండు స్లైడ్ల మీద పెట్టండి. పాత కవర్ "కర్నూలు నుంచి ఒక్క రోజులో యాగంటి, బెలుం గుహలు" అంటోంది. తప్పేమీ లేదు, కానీ అది ఒక శీర్షిక, అంతే. మెసేజ్‌ల్లో జనం అడుగుతున్నది చూస్తే కవర్ దానంతటదే దొరుకుతుంది: "యాగంటి ముందా, బెలుం ముందా?" పిల్లల్ని, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్ల అసలు సందేహం ఇదే.

రెండో స్లైడ్‌కు ఒక ప్రత్యేకమైన పని ఉంది. మొదటి స్లైడ్ చూసి పక్కకు జరపకుండా వెళ్లిపోయినవాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ కొన్నిసార్లు అదే పోస్ట్‌ను రెండో స్లైడ్‌తో మళ్లీ చూపిస్తుంది. అక్కడ మీరు "స్వైప్ చేయండి" అనో, మీ పేజీ లోగోనో పెట్టి ఉంటే ఆ రెండో అవకాశం వృథా అవుతుంది. రెండో స్లైడ్ ఒంటరిగా చూసినా అర్థమయ్యేలా, సూటిగా జవాబుతో ఉండాలి: "ముందు యాగంటి. కర్నూలు నుంచి వెళ్లే దారిలో ముందు వచ్చేది అదే. పొద్దున్నే దర్శనం చేసుకుని, తర్వాత బెలుం వెళ్లండి." జవాబు ఇక్కడే ఇచ్చేస్తే మిగతావి ఎవరు చూస్తారని భయపడకండి. జవాబు దొరికినవాళ్లే బస్సు వివరాల కోసం ముందుకు వెళ్తారు.

ఇప్పుడు కరౌసెల్‌లో ఇరవై స్లైడ్ల దాకా పెట్టనిస్తున్నారు. అన్నీ నింపాలని లేదు, ఈ విషయానికి ఎనిమిది చాలు.

సైజు సంగతి. మొదటి స్లైడ్ ఏ ఆకారంలో ఉంటే మిగతావన్నీ అదే ఆకారంలోకి కత్తిరించబడతాయి. 1080×1350లో చేస్తే ఫీడ్‌లో బాగుంటుంది, కానీ 2025 నుంచి ప్రొఫైల్ గ్రిడ్‌లో గళ్లు ఇంకాస్త సన్నగా, నిలువుగా అయ్యాయి. అక్కడ రెండు పక్కలా కొద్దిగా కోత పడుతుంది. అక్షరాల్ని అంచు నుంచి 80 పిక్సెళ్లైనా లోపల ఉంచండి.

తెలుగు అక్షరాలకు ఇంకో జాగ్రత్త కావాలి. ఇంగ్లిష్ లెక్కన వరుసల మధ్య ఖాళీ వదిలితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. "ఒక్క", "పక్క", "బస్సు" లాంటి మాటలున్న వరుసల్ని పెద్దది చేసి చూడండి. కొన్ని ఎడిటింగ్ యాప్‌ల్లో కొన్ని ఫాంట్లు ఒత్తును విడగొట్టి పక్కన పడేస్తాయి, లేదా కింది భాగం కోసేస్తాయి. ఎడిటింగ్ స్క్రీన్‌లో బాగానే ఉంటుంది, సేవ్ చేశాక చూస్తే విరిగి ఉంటుంది. కాబట్టి సేవ్ చేసిన బొమ్మను గ్యాలరీలో తెరిచి, ఫోన్ చేయి చాపినంత దూరంలో పెట్టి చదవండి. ఇంట్లో పెద్దవాళ్లు కళ్లజోడు లేకుండా చదవగలిగితే సైజు సరిపోయినట్టు.

ఎప్పుడు పెట్టాలి, పెట్టాక ఏం చూడాలి

యాగంటికి జనం ఎక్కువగా వెళ్లేది కార్తీక మాసంలో, శివరాత్రికి. ఆ రోజుల్లోనే పెడితే ఆలస్యమైనట్టే, అప్పటికి అందరూ బండ్లు మాట్లాడేసుకుని ఉంటారు. రెండు మూడు వారాల ముందు పెట్టండి. ఇప్పుడు మే ఆదివారం కూర్చుని స్లైడ్లన్నీ సిద్ధం చేసుకున్నా, పోస్ట్ మాత్రం కార్తీకం ముందు దాకా ఆపండి. పెట్టే రోజు ఉదయం క్యాప్షన్‌లోని రేట్లు, టైమింగ్స్ ఇంకోసారి కనుక్కోండి.

పెట్టిన పద్నాలుగో రోజు మళ్లీ అవే మూడు అంకెలు తీయండి. పాతదానికి వందకు ఏడు సేవ్స్ వచ్చేవి కదా, కొత్తదానికి ఎంత వచ్చిందో చూడండి. రీచ్ పెరిగి సేవ్స్ శాతం అలాగే ఉంటే లోపం కవర్‌దే, అది ఇప్పుడు సరిపోయింది. రీచ్ బాగా పెరిగి శాతం సగానికి పడిపోతే కొంచెం ఆలోచించాలి. కొత్తవాళ్లకు ఎక్కువగా చేరినప్పుడు కొంత తగ్గడం మామూలే. కానీ మరీ సగమైతే కవర్ అడిగిన ప్రశ్నకు లోపల పూర్తి జవాబు లేనట్టు. కామెంట్లలో జనం ఇంకా ఏమడుగుతున్నారో చూసి, ఆ జవాబును ఆ రోజే క్యాప్షన్‌లో చేర్చండి. రీచ్ కూడా పెరగకపోతే ఇంకో కవర్ చేయడానికి ఆదరాబాదరా పడొద్దు. ఆ పోస్ట్‌ను అలాగే పిన్ చేసి ఉంచి, శివరాత్రికి మూడు వారాల ముందు రెండు వారాల తేడా ఇంకోసారి తీసి చూడండి.